ఏప్రిల్ బిల్లులు జూలైకి ఎలా చేరాయి?

నోట్‌బుక్కులు, పెన్నులు, స్కూలు సామాన్లు టోకున అమ్మే ఒక వ్యాపారం ఉందనుకుందాం. దానికి కాచిగూడలో ఒక దుకాణం, అబిడ్స్‌లో ఒకటి, నాంపల్లిలో ఒకటి. ఒక్కో దుకాణంలో రెండు మూడు కౌంటర్లు, కౌంటర్‌కో ఎక్సెల్ ఫైల్. నెల తిరగ్గానే ఆ ఫైళ్లన్నీ మెయిల్లోనో వాట్సాప్‌లోనో అకౌంటెంట్ దగ్గరికి చేరతాయి. వాటన్నిటినీ కలిపి ఒక్క నెలవారీ నివేదిక తయారుచేయాలి. నెలనెలా రిటర్ను వేసే వ్యాపారులు జీఎస్‌టీఆర్-1ను తర్వాతి నెల 11లోగా దాఖలు చేయాలి కాబట్టి చేతిలో ఉండేది పది రోజులే.

ఇలాంటి పనికి ఇప్పుడు చాలామంది పైథాన్ భాషలో చిన్న స్క్రిప్ట్ రాసుకుంటున్నారు. పాండాస్ అనే ఉచిత లైబ్రరీ ఉంటే పాతిక ఫైళ్లను ఒకదాని కింద ఒకటి పేర్చడం ఒక్క లైను పని. కష్టం పేర్చడంలో లేదు. పేర్చిన తర్వాత వచ్చే అంకెను నమ్మవచ్చా అన్నదే అసలు ప్రశ్న.

మన ఊహా దుకాణాల్లోంచి కాచిగూడ కౌంటర్ ఫైల్ ఒకటి తీసుకుందాం. 2025 ఏప్రిల్ నెల. ఆదివారాలు సెలవు. ఆ నెలలో 6, 13, 20, 27 తేదీలు ఆదివారాలు కాబట్టి దుకాణం తెరిచింది 26 రోజులు. లెక్క తేలిగ్గా ఉండటానికి రోజుకు సరిగ్గా పది బిల్లులు అనుకుందాం. మొత్తం 260 బిల్లులు. ఫైల్ తెరిచి చూస్తే 260 వరుసలూ ఉన్నాయి, తేదీలన్నీ చూడటానికి సక్రమంగానే ఉన్నాయి. కానీ నెలల వారీగా విడదీయమంటే జనవరిలో పది, ఫిబ్రవరిలో పది, జూలైలో పది, డిసెంబరులో పది బిల్లులు కనిపిస్తాయి. నివేదిక తయారవుతున్నది మే మొదటి వారంలో. ఇంకా రాని డిసెంబరులో అమ్మకాలు ఎలా జరిగాయి?

గడిలో కనిపించేది ఒకటి, ఉన్నది ఇంకొకటి

ఎక్సెల్ తేదీని తేదీగా దాచుకోదు. 1900 జనవరి 1ని ఒకటిగా పెట్టుకుని, అక్కడి నుంచి రోజులు లెక్కపెడుతూ వచ్చిన సంఖ్యగా దాచుకుంటుంది. 2025 ఏప్రిల్ 3 అంటే దాని లోపల 45750. అదే ఏడాది మార్చి 4 అంటే 45720. మన కంటికి కనిపించే రోజు-నెల-ఏడాది రూపం ఆ సంఖ్యకు పైన తొడిగిన తొడుగు మాత్రమే.

మరి కాగితం మీది 03-04-2025 లోపలి సంఖ్యగా ఎప్పుడు మారుతుంది? కౌంటర్‌లోని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ సాధారణంగా సీఎస్‌వీ ఫైల్ ఇస్తుంది. అది ఉత్త అక్షరాల ఫైల్, అందులో తేదీ కూడా పది అక్షరాలే. గుమాస్తా దాన్ని ఎక్సెల్‌లో తెరిచిన క్షణంలో ఎక్సెల్ ఆ అక్షరాలను చూసి ఇది తేదీ అని నిర్ణయించుకుని సంఖ్యగా మార్చేస్తుంది. ఏ అంకె రోజు, ఏ అంకె నెల అన్నది ఆ కంప్యూటర్‌లోని విండోస్ ప్రాంతీయ సెట్టింగును బట్టి తేలుతుంది. భారతదేశపు సెట్టింగు ఉంటే మొదటిది రోజు. అమెరికా సెట్టింగు ఉంటే మొదటిది నెల. విండోస్ వేసేటప్పుడు ఆ సెట్టింగును ఎవరూ మార్చకపోతే చాలా కంప్యూటర్లలో అమెరికాదే ఉండిపోతుంది.

కాబట్టి ఆ కాచిగూడ కంప్యూటర్‌లో 03-04-2025 అన్నది మార్చి 4 అయిపోయింది. 07-04-2025 జూలై 4 అయింది. 12-04-2025 డిసెంబరు 4 అయింది. ఇక 13-04 తర్వాతి తేదీల సంగతి వేరు. పదమూడో నెల లేదు కాబట్టి 14-04-2025ను ఎక్సెల్ తేదీగా గుర్తించలేదు, అక్షరాలుగానే వదిలేసింది. ఒకే కాలమ్‌లో సగం గడుల్లో తప్పు తేదీలు, మిగతా సగంలో సరైన అక్షరాలు. ఒక గడిలో ఉన్నది సంఖ్య, దాని కింది గడిలో ఉన్నది మాట.

దీన్ని కంటితో పట్టుకోవడం కష్టం, అందుకు గట్టి కారణమే ఉంది. మార్చి 4ను అమెరికా సెట్టింగు 3/4/2025 అని చూపిస్తుంది. మన కళ్లు దాన్ని ఏప్రిల్ 3 అనే చదువుతాయి. లోపల సంఖ్య తప్పు, పైన తొడుగు కూడా తప్పు, రెండు తప్పులూ కలిసి కంటికి ఒప్పుగా కనిపిస్తాయి. గుమాస్తాను తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఆయన చూసినప్పుడు అక్కడ నిజంగానే 3/4/2025 ఉంది.

ఒక ఆనవాలు మాత్రం ఉంటుంది. గడి అమరికను ఎవరూ మార్చకపోతే ఎక్సెల్ సంఖ్యలను కుడివైపుకు, అక్షరాలను ఎడమవైపుకు జరుపుతుంది. తేదీల కాలమ్‌లో పన్నెండో తేదీ దాకా కుడి అంచుకు, పదమూడు తర్వాత నుంచి ఎడమ అంచుకు అంటుకుని ఉంటే ఈ తిరకాసు జరిగినట్టే.

260లో వంద పోతే

ఇప్పుడు ఈ ఫైల్ స్క్రిప్ట్ చేతికి వస్తే ఏమవుతుందో చూద్దాం. పాండాస్‌లో తేదీలు చదివే ఆజ్ఞకు `errors="coerce"` అని ఒక ఐచ్ఛికం ఉంది. అర్థంకాని గడి వస్తే ఆగిపోకుండా, దాన్ని ఖాళీగా మార్చి ముందుకు వెళ్లమని దాని అర్థం. మొదటిసారి స్క్రిప్ట్ రాసేవాళ్లు ఎర్ర అక్షరాల ఎర్రర్ చూసి భయపడి దీన్ని చేర్చేస్తారు. ఎర్రర్ పోతుంది, నివేదిక వస్తుంది.

ఏం వస్తుందో లెక్కవేద్దాం. ఏప్రిల్ 1 నుంచి 12 వరకు ఒక ఆదివారం తీసేస్తే 11 పనిరోజులు, 110 బిల్లులు. ఇవి తేదీలుగా మారిపోయాయి. వీటిలో రోజూ నెలా ఒకటే అయిన ఏప్రిల్ 4 బిల్లులు పదీ ఏప్రిల్‌లోనే ఉన్నాయి. మిగతా వంద ఇతర నెలలకు చెదిరాయి. 13 నుంచి 30 వరకు మూడు ఆదివారాలు తీసేస్తే 15 పనిరోజులు, 150 బిల్లులు అక్షరాలుగా ఉన్నాయి. స్క్రిప్ట్ ఆ అక్షరాలను అర్థం చేసుకోలేకపోతే 150 గడులూ ఖాళీ అవుతాయి. ఏప్రిల్ బిల్లులు మాత్రమే కావాలని వడపోస్తే మిగిలేవి పది. 260కి పది వచ్చిందంటే ఎవరికైనా అనుమానం వస్తుంది, వెతుకుతారు, తప్పు దొరుకుతుంది.

ప్రమాదం కాస్త తెలివైన స్క్రిప్ట్‌తోనే. అక్షరాలుగా ఉన్న తేదీల్లో ముందున్నది రోజు అని చెబితే ఆ 150 సరిగ్గా చదువుతుంది. పదితో కలిపి 160 వస్తాయి. 160 అనే అంకెలో వింత ఏమీ లేదు. ఈ నెల అమ్మకాలు తగ్గాయి కాబోలు, పరీక్షల సీజన్ కదా అని ఎవరైనా ఒక కారణం కూడా చెప్పేస్తారు. వంద బిల్లులు ఎక్కడా లేకుండా పోతాయి, ఏ ఎర్రరూ రాదు. నెలవారీ నివేదికల్లో నేను అన్నిటికంటే ఎక్కువగా భయపడేది ఈ రకం తప్పుకే: నమ్మదగ్గట్టుగా ఉండే తప్పుకు.

తిప్పి రాయాలంటే రుజువు ఉండాలి

చెదిరిన వందనూ వెనక్కి తేవచ్చా? తేవచ్చు. ఎందుకు తేవచ్చో చూడటం ముఖ్యం.

ఇది ఏప్రిల్ ఫైల్ అని మనకు ముందే తెలుసు. నాలుగో నెల. తారుమారైన ప్రతి తేదీలోనూ నెల స్థానంలోకి రోజు, రోజు స్థానంలోకి నెల వెళ్లాయి. అంటే దారితప్పిన ప్రతి తేదీలోనూ రోజు 4 అయి తీరాలి. జనవరి 4, ఫిబ్రవరి 4, మార్చి 4, మే 4, జూలై 4, అలా డిసెంబరు 4 వరకు. ఏప్రిల్ 6 ఆదివారం కాబట్టి జూన్ 4 మాత్రం కనిపించదు. ఈ వరుస యాదృచ్ఛికంగా వచ్చేది కాదు. దీన్నే నియమంగా రాస్తే ఇలా ఉంటుంది:

```python
from datetime import datetime

def fix_date(v, month):
    if isinstance(v, datetime):
        if v.month == month:
            return v
        if v.day == month:
            return v.replace(month=v.day, day=v.month)
        return None
    try:
        d = datetime.strptime(str(v).strip(), "%d-%m-%Y")
    except ValueError:
        return None
    return d if d.month == month else None
```

దీన్ని మాటల్లో చదువుకుందాం. గడిలో ఉన్నది ఇప్పటికే తేదీగా మారినదైతే, నెల ఏప్రిలే అయితే దాన్ని ముట్టుకోవద్దు. నెల వేరేదై, రోజు మాత్రం 4 అయితే రెండింటినీ తారుమారు చెయ్యి. రెండూ కాకపోతే జవాబు ఇవ్వొద్దు. గడిలో ఉన్నది అక్షరాలైతే రోజు-నెల-ఏడాది వరుసలో చదువు, చదవడం కుదరకపోయినా, వచ్చిన నెల ఏప్రిల్ కాకపోయినా అప్పుడూ జవాబు ఇవ్వొద్దు. `None` అన్న మాట వచ్చిన చోటల్లా స్క్రిప్ట్ చెబుతున్నది ఒకటే: ఇది నాకు తేలలేదు, మనిషి చూడాలి.

ఈ నియమానికి ఒక హద్దు ఉంది. మార్చి 4న కొట్టిన పాత బిల్లు ఒకటి నిజంగానే ఏప్రిల్ ఫైల్‌లోకి వచ్చి ఉంటే? నియమం దాన్ని ఏప్రిల్ 3గా మార్చేస్తుంది. అందుకే గడి గడికీ విడిగా నిర్ణయించే ముందు మొత్తం ఫైల్‌ను ఒకసారి చూడటం మంచిది. ఏప్రిల్ 3, ఏప్రిల్ 8, ఏప్రిల్ 11 లాంటివి మారిన తేదీలుగా సరిగ్గానే ఉన్నాయంటే ఆ కంప్యూటర్ సెట్టింగు సరైనదే. అప్పుడు అందులోని మార్చి 4 నిజమైన మార్చి 4. ఇక్కడ తారుమారు చేయకూడదు. మారిన తేదీలన్నిటిలోనూ రోజు 4 మాత్రమే ఉంటే తిరకాసు జరిగిందనడానికి అదే రుజువు.

సరిచేశాక ఇంకో పరీక్ష పెట్టవచ్చు, దీన్ని అబిడ్స్ తెలిసినవాళ్లు వెంటనే ఒప్పుకుంటారు. ఆదివారం అక్కడ చాలా దుకాణాల షట్టర్లు మూసి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల సంత నడుస్తుంది. దుకాణం ఆదివారం మూసి ఉంటుందంటే దాని ఫైల్‌లో ఆదివారం బిల్లు ఉండకూడదు. సరిచేయక ముందు, ఏప్రిల్ 5 శనివారం నాటి బిల్లులు మే 4న పడి ఉన్నాయి. 2025 మే 4 ఆదివారం. సరిచేశాక ఒక్క బిల్లు కూడా ఆదివారం మీద పడలేదంటే మన దిద్దుబాటుకు అది స్వతంత్రమైన సాక్ష్యం.

వీటన్నిటికంటే మేలైన దారి ఒకటుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన సీఎస్‌వీని ఎక్సెల్‌లో తెరవకుండానే అలాగే పంపమని కౌంటర్లకు చెప్పడం. స్క్రిప్ట్ దాన్ని `dtype=str` అనే షరతుతో, అంటే అన్ని గడులనూ అక్షరాలుగానే చదివితే తేదీ తేదీలాగే మిగులుతుంది. పైగా 00417 లాంటి బిల్లు నంబర్లలో ముందున్న సున్నాలు కూడా రాలిపోవు.

*ఫైళ్లు చదివేటప్పుడు*

*ఫోల్డర్‌లోని ప్రతి `.xlsx`నూ తీసుకోమంటే కొన్నిసార్లు స్క్రిప్ట్ మొదటి అడుగులోనే ఆగిపోతుంది. ఎవరో ఒక ఫైల్‌ను తెరిచి ఉంచినప్పుడు ఎక్సెల్ అదే ఫోల్డర్‌లో `~$` అని మొదలయ్యే పేరుతో ఒక దాగుడు ఫైల్ పెడుతుంది. అది నిజమైన షీటు కాదు, దాన్ని దాటేయాలి.*

*కౌంటర్ ఫైల్‌లో పై రెండు మూడు వరుసల్లో దుకాణం పేరు, నెల ఉంటాయి. కాలమ్ పేర్లు ఆ తర్వాత మొదలవుతాయి. ఏ వరుసలో అన్నది ఫైల్‌కో రకం. వరుస సంఖ్యను గట్టిగా రాసేయకుండా `Bill No` అన్న మాట ఎక్కడుందో వెతికి, అక్కడి నుంచి చదవమనడం మేలు.*

*ఒక తేదీని పది బిల్లుల పక్కన కలిపేసి పెద్ద గడిగా చేసి ఉంటే, విలువ పై గడిలోనే ఉంటుంది. కింది తొమ్మిదీ ఖాళీ. పైనున్నదాన్ని కిందికి నింపాలి, కానీ అలా కలిపిన కాలమ్‌లో మాత్రమే. డబ్బు కాలమ్‌లో ఖాళీని అలా నింపితే ఒకే మొత్తం పదిసార్లు లెక్కలోకి వస్తుంది.*

*కలిపే ముందు ప్రతి వరుసకూ అది ఏ ఫైల్ నుంచి, అందులో ఎన్నో వరుస నుంచి వచ్చిందో రెండు కొత్త కాలమ్‌లలో రాసిపెట్టుకోవాలి. తర్వాత ఏ అనుమానం వచ్చినా వెనక్కి వెళ్లే దారి అదొక్కటే.*

ఒక్క అక్షరం తేడా

తేదీ తర్వాత తగువు ఊళ్ల పేర్లది. సరుకు ఏ ప్రాంతానికి వెళ్లిందో రాసే కాలమ్ ఒకటి ఉంటుంది. ప్రాంతాల వారీగా అమ్మకాలు చెప్పాలంటే ఒక ప్రాంతం ఒకే పేరుతో ఉండాలి.

కాచిగూడ స్టేషన్ బోర్డు మీద రైల్వేవాళ్లు ఇంగ్లిషులో రాసేది `Kacheguda`. బయట దుకాణాల బోర్డుల మీద ఎక్కువగా కనిపించేది `Kachiguda`. ఫైళ్లలో రెండూ వస్తాయి. స్క్రిప్ట్‌కు ఇవి రెండు వేర్వేరు ఊళ్లు. దగ్గరగా ఉన్న పేర్లను దానంతట అదే కలిపేసే పద్ధతులు ఉన్నాయి కదా అని అనిపించవచ్చు. పైథాన్‌తో పాటే వచ్చే `difflib` అలాంటిదే, రెండు మాటల పోలికను సున్నా నుంచి ఒకటి మధ్య ఒక అంకెగా చెబుతుంది. ఈ రెండు పేర్లకూ అది ఇచ్చేది 0.89. చాలా దగ్గర, కలపవచ్చు.

ఇప్పుడు కాచిగూడ పక్కనే ఉన్న అంబర్‌పేటను, నగరం అవతలి వైపున్న అమీర్‌పేటను తీసుకోండి. `Amberpet`, `Ameerpet`. ఎనిమిదేసి అక్షరాలు, తేడా ఒక్క అక్షరం. పోలిక 0.875. కాచిగూడ రెండు రూపాలను కలిపేంత సడలింపు ఇచ్చి 0.85 దగ్గర గీత గీస్తే అంబర్‌పేట అమ్మకాలు అమీర్‌పేటలో కలిసిపోతాయి. గీతను 0.88కి పెంచితే ఈ రెండూ విడిపోతాయి, కాచిగూడ కలుస్తుంది. కానీ ఆ గీత ఈ నాలుగు పేర్లను చూసి మనం గీసుకున్నదే, ఐదో పేరుకు అది పనికివస్తుందన్న భరోసా లేదు.

నాంపల్లి దగ్గర ఈ పద్ధతి పూర్తిగా చేతులెత్తేస్తుంది. జనం నాంపల్లి స్టేషన్ అనేదాన్ని రైల్వే కాగితాలు హైదరాబాద్ దక్కన్ అంటాయి. రెండు పేర్ల మధ్య పోలికే లేదు, స్టేషన్ మాత్రం ఒకటే. ఒక పేరు ఒక చోటుకు ఎలా అతుక్కుంటుందన్నది అక్షరాల్లో ఉండదు, ఆ ఊళ్లో తిరిగినవాళ్లకు తెలుస్తుంది. కాబట్టి ఆ తెలిసినదాన్ని ఒక చిన్న పట్టికలో రాసి స్క్రిప్ట్‌కు ఇవ్వాలి. ఎడమ కాలమ్‌లో ఫైళ్లలో కనిపించే ప్రతి రూపం, కుడి కాలమ్‌లో మనం నివేదికలో వాడే పేరు. పట్టికలో లేని పేరు వస్తే స్క్రిప్ట్ ఊహించదు, పక్కన పెడుతుంది.

పట్టికలో వెతికే ముందు చేయాల్సిన శుభ్రత మాత్రం యంత్రానికి వదిలేయవచ్చు. పేరు చివర ఒక ఖాళీ, మధ్యలో రెండు ఖాళీలు, పెద్దబడి చిన్నబడి అక్షరాలు, ఇవన్నీ అర్థం మార్చనివి. తెలుగులో టైప్ చేసిన ఫైళ్లలో ఇంకో చిక్కు ఉంది. అబిడ్స్ అన్న మాట చివర పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు ఉండవచ్చు, ఉండకపోవచ్చు. అబిడ్స్‌లో అని రాసినప్పుడు ‘స్’కూ ‘లో’కూ మధ్య ఒత్తు పడకుండా ఆపేది ఆ గుర్తే. తెర మీద రెండు అబిడ్స్‌లూ ఒకేలా ఉంటాయి. యంత్రానికి ఒకటి ఒక అక్షరం పొడవు ఎక్కువ.

```python
key = " ".join(text.replace("\u200c", "").split()).casefold()
place = names.get(key)
```

మొదటి లైను ఆ కనిపించని గుర్తును తీసేసి, ఖాళీలను ఒకటికి కుదించి, ఇంగ్లిషు అక్షరాలను ఒకే బడికి తెస్తుంది. రెండో లైను పట్టికలో వెతుకుతుంది, కాబట్టి పట్టిక ఎడమ కాలమ్‌లోని పేర్లకూ ముందే ఇదే శుభ్రత చేసి ఉంచాలి. దొరక్కపోతే మళ్లీ `None`.

మొత్తం వరుసను పారేయకండి

ప్రతి కౌంటర్ ఫైల్ అడుగునా మొత్తం అనో Total అనో ఒక వరుస ఉంటుంది. దాన్ని కూడా బిల్లు అనుకుని కూడితే అమ్మకం సరిగ్గా రెట్టింపవుతుంది. అందుకే చాలా స్క్రిప్టులు ఆ వరుసను గుర్తించి కొట్టేస్తాయి. కూడికలోంచి తీసేయడం సరైనదే. కొట్టేయడం మాత్రం తప్పు. ఆ వరుస అంటే కౌంటర్‌లోని మనిషి తన లెక్క ప్రకారం ఇంత వచ్చిందని చెప్పిన మాట. మన స్క్రిప్ట్ లెక్కతో పోల్చడానికి మన దగ్గర ఉన్న బయటి సాక్ష్యం అదొక్కటే.

పోల్చి చూద్దాం. కాచిగూడ ఫైల్ అడుగున ఉన్న మొత్తం రూ.6,48,300. స్క్రిప్ట్ 260 బిల్లులనూ కూడితే రూ.6,53,200 వచ్చింది. తేడా రూ.4,900. ఎవరిది తప్పు?

డబ్బు కాలమ్‌లో సంఖ్యగా కాక అక్షరాలుగా ఉన్న గడులను వెతికితే రెండు దొరుకుతాయి: `3,150/-`, `1,750/-`. చేత్తో బిల్లు రాసే అలవాటున్నవాళ్లు అంకె పక్కన ఆ గీతలు పెట్టడం సహజం. కానీ ఆ గీతతో గడిలో ఉన్నది ఎక్సెల్‌కు మాట అయిపోతుంది, ఎక్సెల్‌లోని SUM గడుల వరుసను కూడేటప్పుడు మాటలను చప్పుడు చేయకుండా దాటేస్తుంది. మన స్క్రిప్ట్ కామాలు, గీతలు, రూపాయి గుర్తు తీసేసి వాటిని సంఖ్యలుగా చదివింది. 3,150కి 1,750 కలిపితే సరిగ్గా 4,900. స్క్రిప్ట్‌ది ఒప్పు, కౌంటర్ మొత్తానిది తక్కువ.

ఇక్కడ ముఖ్యమైనది తేడా రావడం కాదు, ఆ తేడాకు ఆఖరి రూపాయి దాకా కారణం దొరకడం. తేడా 4,900 అయి, అక్షరాలుగా ఉన్న గడుల మొత్తం 4,850 అయితే పని ముగిసినట్టు కాదు, ఇంకో యాభై రూపాయలు ఎక్కడో ఉన్నాయి. తేడా చిన్నదే కదా అని వదిలేయడం ఇక్కడ కుదరదు. రెండు పెద్ద తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని మిగిలిన శేషం కూడా యాభై రూపాయలే కావచ్చు.

తేలనివాటికి ఒక అర

ఇప్పటికి రెండు చోట్ల స్క్రిప్ట్ జవాబు ఇవ్వకుండా ఊరుకుంది: తేలని తేదీ, పట్టికలో లేని పేరు. గీతలూ కామాలూ తీసేశాక కూడా సంఖ్యగా చదవలేని డబ్బు వస్తే అక్కడా అలాగే ఊరుకోవాలి. ఆ వరుసలు ఎక్కడికి వెళ్లాలి?

అబిడ్స్ జీపీఓలో ఉత్తరాలు వేరు చేసేవాళ్లను తలచుకోండి. చిరునామా అర్థంకాని కవరు చేతికొస్తే దాన్ని దగ్గరగా అనిపించిన వీధి సంచిలో వేయరు, చెత్తబుట్టలోనూ వేయరు. దాన్ని విడిగా ఉంచుతారు, అలాంటి వాటి కోసం తపాలాశాఖకు ప్రత్యేక కార్యాలయమే ఉంది. సంచుల్లోకి వెళ్లినవి, విడిగా ఉంచినవి కలిపితే వచ్చిన ఉత్తరాల సంఖ్య రావాలి.

స్క్రిప్ట్‌లో కూడా అలాంటి అర ఒకటి ఉండాలి. నివేదిక ఫైల్‌లోనే రెండో షీటుగా పెడితే మేలు. ఒక్కో వరుస పక్కన అది ఏ ఫైల్‌లో ఎన్నో వరుసో, ఎందుకు తేలలేదో ఒక ముక్కలో రాసి ఉండాలి. ఆ పైన ఈ లెక్క:

```python
assert len(raw) == len(heads) + len(blank) + len(totals) + len(good) + len(aside)
```

చదివిన వరుసలన్నీ ఐదు గుంపుల్లో ఏదో ఒకదానిలో, ఒక్కదానిలోనే ఉండాలి: పైనున్న పేర్ల వరుసలు, ఖాళీవి, మొత్తం వరుసలు, సరైన బిల్లులు, పక్కన పెట్టినవి. కూడిక సరిపోకపోతే `assert` స్క్రిప్ట్‌ను అక్కడే ఆపేస్తుంది, నివేదిక రాదు. కాచిగూడ ఫైల్‌లో 160 బిల్లులు మాత్రమే తేలి, పక్కన పెట్టిన అర ఖాళీగా ఉంటే మిగతా వంద ఏమయ్యాయో చెప్పకుండా స్క్రిప్ట్ ముందుకు వెళ్లలేదు. ముందు చెప్పుకున్న `errors="coerce"` చేసే హాని సరిగ్గా ఇదే: అరను లేకుండా చేస్తుంది, వరుసలు ఏ గుంపులోనూ లేకుండా జారిపోతాయి.

ఇంగ్లండ్‌లో 15,841 మంది

ఇది దుకాణాల లెక్కలకే పరిమితమైన జాగ్రత్త కాదు. 2020 శరదృతువులో ఇంగ్లండ్‌లో కోవిడ్ పరీక్షల ఫలితాలను ప్రయోగశాలలు సీఎస్‌వీ ఫైళ్లుగా పంపేవి. పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ అనే ప్రభుత్వ సంస్థ వాటిని ఎక్సెల్ పాత తరహా `.xls` ఫైళ్లలోకి తెచ్చి కలిపేది. ఆ పాత తరహా షీటులో పట్టేది 65,536 వరుసలే. కొత్త `.xlsx`లో అయితే 10,48,576 పడతాయి. ఒక్కో రోగి వివరానికి అనేక వరుసలు పట్టడంతో ఒక్కో ఫైల్ వెయ్యిన్నర మంది లోపే నిండిపోయింది, ఆ తర్వాతివి బయటే మిగిలిపోయాయి.

సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు అలా 15,841 పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కల్లోకి రాలేదు. పరీక్ష చేయించుకున్నవాళ్లకు తమ ఫలితం అందింది. కానీ వారిని కలిసినవాళ్లను వెతికి హెచ్చరించాల్సిన యంత్రాంగానికి ఆ పేర్లు సకాలంలో చేరలేదు. అన్ని ఫైళ్లూ కలిశాయి, నివేదికలు రోజూ వెలువడ్డాయి. వచ్చిన వరుసలెన్ని, కలిసిన వరుసలెన్ని అన్న ఒక్క పోలిక మొదటి రోజే ఆ తేడాను చూపించి ఉండేది.

రెండుసార్లు వచ్చిన ఫైల్

వరుసల లెక్క పట్టుకోలేని తప్పు కూడా ఒకటుంది. నాంపల్లి కౌంటర్ ఫైల్‌ను వాట్సాప్‌లో పంపి, చేరిందో లేదోనని మళ్లీ పంపుతారు. దించుకున్న ఫోల్డర్‌లో రెండోది పేరు చివర `(1)`తో కూర్చుంటుంది. స్క్రిప్ట్ రెండింటినీ చదువుతుంది. ప్రతి ఫైల్‌లోనూ వరుసలు సరిపోతాయి, కౌంటర్ మొత్తమూ సరిపోతుంది. నాంపల్లి అమ్మకం మాత్రం రెట్టింపు.

ఫైల్ పేరును చూసి వదిలేయడం సురక్షితం కాదు, రెండోసారి పంపింది దిద్దుబాటు చేసిన ఫైల్ కావచ్చు. దుకాణం, కౌంటర్, బిల్లు నంబరు ఈ మూడూ కలిపితే ఒక బిల్లుకు ఒకే గుర్తింపు వస్తుంది. అది రెండుసార్లు కనిపిస్తే ఆ రెండు వరుసలనూ పోల్చాలి. అన్ని గడులూ ఒకటే అయితే ఒకదాన్ని నకలు అన్న కారణంతో పక్కన పెట్టవచ్చు. మొత్తమో తేదీయో వేరుగా ఉంటే రెండూ అరలోకి వెళ్లాలి. ఏది సరైనదో చెప్పగలిగేది నాంపల్లి కౌంటర్‌లో ఉన్న మనిషే. ఇదే గుర్తింపుతో బిల్లు నంబర్లలో మధ్యలో జారిపోయినవి కూడా దొరుకుతాయి. 00416 ఉండి, 00418 ఉండి, 00417 లేకపోతే అది రద్దయిన బిల్లో, ఫైల్‌లోకి రాని బిల్లో అడగాలి.

అడిగి తెలుసుకున్నదాన్ని ఎక్కడ రాయాలన్నది చివరి విషయం. నివేదిక షీటులో నేరుగా అంకె మార్చేస్తే ఆ పూటకు పని అయిపోతుంది, కానీ స్క్రిప్ట్ మళ్లీ నడిపిన క్షణంలో ఆ దిద్దుబాటు చెరిగిపోతుంది. కొత్త పేరు రూపం దొరికితే పేర్ల పట్టికలో చేర్చాలి. బిల్లు తప్పైతే కౌంటర్ నుంచి సరిచేసిన ఫైల్ తెప్పించి ఫోల్డర్‌లో పెట్టాలి, వచ్చిన పాత ఫైల్‌ను వేరే ఫోల్డర్‌లో ముట్టుకోకుండా ఉంచాలి. అప్పుడు మళ్లీ మొదటి నుంచి స్క్రిప్ట్ నడపాలి. మే నెల ఫైళ్లు వచ్చినప్పుడు ఏప్రిల్‌లో తెలుసుకున్న పేర్లన్నీ పట్టికలో ఉంటాయి, అరలో మిగిలే వరుసలు తగ్గుతాయి.

మే ఫైళ్లకు తేదీ నియమంలో ఇవ్వాల్సిన సంఖ్య 5 అవుతుంది. చెదిరిన తేదీలన్నిటిలోనూ ఈసారి రోజు 5 ఉంటుంది.